ఆంగ్ల అభ్యర్థన లేఖలు – తెలుగు వాక్యక్రమ ప్రభావం

తెలుగు వాక్యంలో సాధారణంగా కారణం ముందు, కోరిక తరువాత వస్తాయి. అపరిచితులకు ఆంగ్లంలో రాసే లేఖల్లోకీ ఈ క్రమమే ప్రవేశిస్తుంది. పరిశోధనావకాశం కోరుతూ విదేశీ ఆచార్యునికి రాసే విద్యార్థిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అతడు తన చదువు, కళాశాల, ఆసక్తులను వివరించి, చివరన ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అని ముగిస్తాడు. భారతీయ కార్యాలయాల్లో ఇది మర్యాదైన మాటే. కానీ ఆ ఆచార్యునికి తాను చేయవలసిందేమిటో దానివల్ల తెలియదు.

కోరికను మొదటి వాక్యానికి తెస్తే లేఖ స్వరూపం మారుతుంది: ‘ఐ యామ్ రైటింగ్ టు ఆస్క్ ఇఫ్ యూ ఆర్ టేకింగ్ పీహెచ్‌డీ స్టూడెంట్స్ నెక్స్ట్ ఇయర్.’ ఇందులో కఠినపదం లేదు, ప్రాధేయపడటమూ లేదు. ఆచార్యుని ఏ పరిశోధన తన పనికి దగ్గరగా ఉందో రెండవ వాక్యం చెప్పాలి. స్వపరిచయం ఆ తరువాత రెండు వాక్యాల్లో సరిపోతుంది.

పదాల ఎంపికలోనూ మాతృభాష పనిచేస్తుంది. తెలుగులో ‘సందేహం’ అంటే ప్రశ్న కూడా. అందువల్ల విద్యార్థి ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ పేపర్’ అని రాస్తాడు. ఆ వ్యాసం నిజానిజాలనే అతడు శంకిస్తున్నట్లు ఆచార్యుడు గ్రహించే ప్రమాదముంది. ‘డౌట్’ స్థానంలో ‘క్వశ్చన్’ చాలు.

లేఖను పంపేముందు మొదటి రెండు వాక్యాలనే విడిగా చదవాలి. వాటిని బట్టి అవుననో కాదనో బదులివ్వగలిగితే లేఖ సిద్ధమైనట్లే. లేకుంటే కోరిక ఇంకా చివరనే ఉండిపోయిందని అర్థం.