అద్దెకా, సొంతానికా? తేల్చేది వడ్డీ రేటే

రైస్ మిల్లులో రంగు మారిన గింజల్ని ఏరేసే సార్టెక్స్ మిషన్ ఒకటి కావాలనుకుందాం. ధర 30 లక్షలు. బ్యాంకు 12 శాతం వడ్డీకి అప్పిస్తానంటోంది. లీజు కంపెనీ మాత్రం ఏటా చివర్లో 7.8 లక్షలు చొప్పున అయిదేళ్లు కడితే చాలంటోంది. కంపెనీ కట్టే పన్ను 25 శాతం. ఇవన్నీ లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, జీఎస్టీ కలపలేదు.

అద్దె మొత్తం ఖర్చు కింద పోతుంది కాబట్టి పన్ను ఆదా తీసేస్తే ఏటా చేతి నుంచి పోయేది 5.85 లక్షలే. కొంటే తరుగుదల మీద పన్ను కలిసొస్తుంది. మన చట్టంలో మామూలు యంత్రాలకు ఆ తరుగుదల ఏటా మిగిలిన విలువలో 15 శాతం. అయిదేళ్ల తర్వాత మిషన్ అమ్మితే 8 లక్షలు వస్తాయనుకుందాం.

ఈ డబ్బంతా ఒకేసారి చేతులు మారదు. అందుకే రాబోయే రూపాయిని నేటి విలువకు తగ్గించి చూడాలి. మరి ఎంత శాతంతో తగ్గించాలి? చాలామంది వ్యాపారంలో తాము ఆశించే లాభాన్ని, అంటే 15 శాతాన్నో 18నో పెట్టేస్తారు. అది సరికాదు. వ్యాపారం బాగున్నా లేకున్నా అద్దె కట్టి తీరాలి, బ్యాంకు వాయిదాలాగే. లీజు అంటే వేషం మార్చిన అప్పు. కాబట్టి పోల్చాల్సింది అప్పు ఖర్చుతోనే. పైగా వడ్డీకీ పన్ను మినహాయింపు ఉంది కనుక 12లో పావు వంతు పోగా అసలు భారం 9 శాతం.

9 శాతంతో చూస్తే లీజు ఖర్చు నేటి విలువలో సుమారు 22.75 లక్షలు, కొనుగోలు ఖర్చు 21.46 లక్షలు. కొనడమే మేలు. అదే పన్ను సంగతి మరచి 12 శాతం వేస్తే లీజు 21.09, కొనుగోలు 22.34. తీర్పు తారుమారైంది! రేటు పెరిగేకొద్దీ తర్వాత కట్టే అద్దెలు చిన్నవిగా కనిపిస్తాయి, ఇవాళ పెట్టే 30 లక్షలు మాత్రం తగ్గవు.

రేటులోనే వడ్డీ లెక్క అయిపోయింది కనుక ఖర్చుల పట్టికలో మళ్లీ వడ్డీ రాయకూడదు. ఆడిటర్ల దగ్గర కూడా ఈ పొరపాటు కనబడుతుంది. నష్టాల్లో ఉండి పన్నే కట్టని మిల్లుకు ఈ 9 శాతం వర్తించదు. ఆ మిల్లు 12 శాతమే వేసుకుని, అద్దె మీదా తరుగుదల మీదా పన్ను ఆదా చూపకుండా లెక్క కట్టాలి.

ఇందులో నమ్మకం లేని అంకె ఒక్కటే, ఆ 8 లక్షలు. అద్దెలా అది ఒప్పందంలో రాసి ఉండదు. అందుకే దానికి మాత్రం ఎక్కువ రేటు వేయడం న్యాయం. 15 శాతం వేస్తే కొనుగోలు ఖర్చు 22.69 లక్షలకు చేరి లీజుతో దాదాపు సమానమైపోతుంది. 9 శాతంతోనే చూసినా పాత మిషన్‌కు 6 లక్షలకు మించి రాదనిపిస్తే లీజు తీసుకోండి.