బోర్డు దించేముందు 30 రోజులు

లక్షలు పోసి ఫ్రాంచైజీ తీసుకున్న షాపుకు ఒక రోజు కంపెనీ నుంచి పోస్టులో కవరు వస్తుంది. నాణ్యతలో పదేపదే లోపాలు కనిపించినందున ఒప్పందం రద్దు చేయదలిచామని, సరిదిద్దుకోవడానికి 30 రోజుల గడువు ఇస్తున్నామని అందులో ఉంటుంది. "ఇలాంటివి ఎన్ని రాలేదు" అని కొందరు దాన్ని సొరుగులో పడేస్తారు. కొందరు ఆవేశంగా జవాబు రాసి ఊరుకుంటారు. రెండు రకాలుగానూ పోయేది ఆ 30 రోజులే.

గుంటూరులో ఒక ఫ్రైడ్ చికెన్ షాపు ఉందనుకుందాం. కంపెనీ ఇన్‌స్పెక్టర్ జనవరిలో వచ్చి బాండీలోని నూనెలో మీటరు ముంచి చూశాడు. పోలార్ కాంపౌండ్లు 29 శాతం. నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ ఇవి పెరుగుతాయి. 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. కంపెనీ హెచ్చరిక పంపింది. ఫిబ్రవరిలో 27 శాతం, మళ్లీ హెచ్చరిక. మార్చిలో 31 శాతం. దానికితోడు 5 డిగ్రీల లోపు ఉండాల్సిన మాంసం ఫ్రిజ్ 11 డిగ్రీలు చూపించింది. ఏప్రిల్‌లో నోటీసు వచ్చింది.

"మీ షాపులో శుభ్రత, నాణ్యత బాగాలేవు" అని మాత్రమే రాస్తే ఆ నోటీసుకు బలం లేదు. దేన్ని సరిచేయాలో అవతలివాడికి తెలియదు, సరిచేశాడో లేదో కొలవడానికి కంపెనీకీ కొలబద్ద ఉండదు. తీరుగా రాసిన నోటీసులో ఒప్పందంలోని ఏ క్లాజు తప్పారో, ఏ తేదీన ఏ రీడింగు వచ్చిందో, అంతకుముందు పంపిన రెండు హెచ్చరికల తేదీలేమిటో ఉంటాయి. ఆ తర్వాత చేయాల్సిన పనులు. మన షాపుకు ఇలా రాశారనుకోండి: ఏడు రోజుల్లో మీటరు కొని, రోజుకు రెండుసార్లు నూనె చూసి రిజిస్టరులో రాయాలి. 15 రోజుల్లో ఫ్రిజ్ బాగు చేయించి బిల్లు పంపాలి. వేపుడు దగ్గర నిలబడే ఇద్దరికీ కంపెనీ శిక్షణ ఇప్పించాలి. 30వ రోజులోపు మళ్లీ తనిఖీ. అందులో నెగ్గితే నోటీసు వెనక్కి తీసుకుంటారు, లేకపోతే విడిగా రద్దు ఉత్తరం వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఒప్పందాల్లో "12 నెలల్లో ఇదే తప్పు మళ్లీ జరిగితే ఇంకో గడువు ఉండదు" అని ఒక వాక్యం ఉంటుంది. తనిఖీ రోజున మాత్రం కొత్త నూనె పోసి గట్టెక్కినవాళ్లను పట్టుకునేది ఆ వాక్యమే. అది అన్యాయమని నేననుకోను. పాడైన నూనెలో వేపిన ముక్క తినేది ఎవరి పిల్లలో వాళ్లకు తెలియదు కదా.

కోర్టుకు వెళ్తే షాపు తిరిగి రాదా అని అడుగుతారు. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, చూసేది ఒప్పందాన్నే. ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇవ్వాలని ఆర్బిట్రేటర్ చెప్పాడు. సుప్రీంకోర్టు 1990 తీర్పులో ఆ భాగాన్ని ఒప్పుకోలేదు. 30 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించుకోవచ్చని ఒప్పందంలోనే ఉంది కాబట్టి, రద్దు తప్పే అయినా దక్కేది ఆ 30 రోజుల నష్టపరిహారమేనంది. అన్ని ఒప్పందాల్లోనూ ఆ క్లాజు ఉండదు. ఉన్నచోట మాత్రం, గడువులో కాపాడుకోని షాపును తర్వాత కోర్టులో తెచ్చుకోవడం చాలా కష్టం.

రద్దయితే బోర్డు దించాలి, డెలివరీ యాప్‌లలో పేరు తీసేయాలి, వంట పద్ధతుల పుస్తకం తిరిగివ్వాలి. ఆ పేరు ఇంకా వాడితే ట్రేడ్‌మార్క్ కేసు మీద పడుతుంది. అయితే ఒప్పందం ముగిశాక సొంత పేరుతో చికెన్ అమ్ముకోకూడదనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. ఇది చాలామందికి తెలియక షాపే మూసేసుకుంటారు.

కాబట్టి నోటీసు రాగానే కవరు మీద అందిన తేదీ రాసుకోండి. గడువు ఉత్తరం రాసిన రోజు నుంచా, అందిన రోజు నుంచా అన్నది ఒప్పందంలో చూడండి. అందులో రాసింది నిజం కాకపోతే మీ రిజిస్టరు కాపీతో తేదీలవారీగా రాతపూర్వకంగా చెప్పండి. నిజమైతే ఆరోజే పని మొదలుపెట్టి, ప్రతి పనికీ ఫొటో, బిల్లు పంపుతూ ఉండండి. మళ్లీ తనిఖీకి రమ్మని 20వ రోజుకే మీరే రాయండి. 30వ రోజున ఇన్‌స్పెక్టర్ రాలేదంటే ఆ ఉత్తరమే మీకు సాక్ష్యం.