పోయిన నంబరు కోసం ఒక పేజీ ఉత్తరం

మా మేనమామ దుబాయ్‌లో పనిచేస్తాడు. ఆయన ఇండియా నంబరు సిమ్ జగిత్యాలలో పాత ఫోనులో ఉండేది. ఓటీపీ వస్తే మా అత్తయ్య చూసి వాట్సాప్‌లో చెప్పేది. మొన్న జూన్ 10న సెలవు మీద వచ్చి పీఎఫ్ డబ్బు తీసుకుందామని కూర్చుంటే ఓటీపీ రాలేదు. బ్యాంకుదీ రాలేదు, ఆధార్‌దీ రాలేదు. నంబరు ఆగిపోయి వారమైంది.

"మొన్నటిదాకా మెసేజ్‌లు వచ్చాయి కదరా!" అన్నాడు మామయ్య. తిరకాసంతా అక్కడే ఉంది. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకం లేకపోతేనే ప్రీపెయిడ్ నంబరును ఆపాలి. వాడకమంటే వచ్చిన కాల్, చేసిన కాల్, పంపిన మెసేజ్, డేటా. మనకు వచ్చే మెసేజ్ ఈ లెక్కలోకి రాదు. కాబట్టి ఓటీపీలు ఎన్ని వచ్చినా నంబరు వాడినట్టు కాదు. ఖాతాలో 20 రూపాయలుంటే వాటిని కోసుకుని మరో 30 రోజులు పొడిగించాలి. మామయ్య బ్యాలెన్స్ 14 రూపాయలే. చివరి కాల్ మార్చి 1న, 90 రోజులు నిండింది మే 30న, కంపెనీ ఆపింది జూన్ 3న.

ఆపిన తర్వాత కూడా అదే నంబరు తిరిగి తీసుకోవడానికి కనీసం 15 రోజుల గడువివ్వాలి. అంటే మామయ్యకు జూన్ 18 వరకు సమయముంది. అందుకే ముందు వేరే ఫోను నుంచి ఆ నంబరుకు కాల్ చేయించాం. కొత్త మనిషెవరో ఎత్తి 'హలో' అంటే ఆ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే. కాల్ కలవకుండా రికార్డు మాట వినిపించింది కాబట్టి నంబరు ఇంకా ఎవరికీ ఇచ్చినట్టు లేదు. ఆపిన నంబరును మామూలుగా 90 రోజుల వరకు మరొకరికి ఇవ్వరు.

ఇక ఉత్తరం. మామయ్య మొదట రెండు పేజీలు రాశాడు. అందులో బాధంతా ఉంది గానీ ఆధారం లేదు. చించేసి ఇలా రాయించాను:

"అయ్యా, నా పేరిట ఉన్న ప్రీపెయిడ్ నంబరు జూన్ 3న ఆగిపోయింది. నంబరు, సిమ్ మీద అచ్చయిన పొడవాటి సంఖ్య కింద ఇచ్చాను. చివరి రీచార్జి రసీదు, గుర్తింపు కార్డు నకలు జతచేశాను. 15 రోజుల గడువు జూన్ 18తో ముగుస్తుంది కనుక ఈలోగా నంబరును పునరుద్ధరించగలరు. చెల్లించాల్సిన రుసుము చెల్లిస్తాను. నా బ్యాంకు ఖాతా, ఆధార్, పీఎఫ్ ఓటీపీలు దీనికే వస్తాయి. నిర్ణయం తేలేవరకు ఈ నంబరును ఇతరులకు కేటాయించవద్దని మనవి. వీలుకాకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయండి."

ఇందులో బ్యాంకు పేరు గానీ, ఖాతా నంబరు గానీ లేవని గమనించండి. కంపెనీకి అవి అక్కర్లేదు. ఉత్తరం ఎవరి చేతిలోనైనా పడితే మాత్రం నంబరూ ఖాతా వివరాలూ ఒకేచోట దొరికిపోతాయి. ఇంకో మాట: సిమ్ ఎవరి పేరిట ఉందో వాళ్లే రాయాలి. అత్తయ్య సంతకంతో ఇస్తే తీసుకోరు.

ఉత్తరాన్ని కంపెనీ స్టోర్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాం. 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు కూడా రాసుకున్నాం. అది లేకపోతే మనం అడిగినట్టు రుజువుండదు. జవాబు తృప్తిగా లేకపోతే అదే డాకెట్ నంబరుతో కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.

జూన్ 15న నంబరు తిరిగొచ్చింది, కొత్త సిమ్‌తో. వెంటనే పీఎఫ్ ప్రయత్నిస్తే మళ్లీ ఓటీపీ రాలేదు. మామయ్యకు చెమటలు పట్టాయి. సిమ్ మారిస్తే మోసాలు జరగకుండా మొదటి 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు. మర్నాడు అన్నీ వచ్చాయి. అయినా బ్యాంకుకు వెళ్లి నంబరు రికార్డులో ఉందో లేదో చూసుకున్నాం. రద్దయిన నంబర్ల జాబితా బ్యాంకులకు అందుతుంది, దాన్ని బట్టి మన నంబరును తీసేసి ఉండొచ్చు.

నంబరు అప్పటికే వేరేవాళ్లదైతే ఉత్తరం దారి మారుతుంది. కంపెనీని బతిమాలడం మాని, ముందు బ్యాంకు శాఖకు, తర్వాత వేలిముద్రతో ఆధార్ కేంద్రానికి పరుగెత్తాలి. ఎందుకంటే మన ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళ్తుంటాయి.

మామయ్య మళ్లీ దుబాయ్ వెళ్లాడు. ఇప్పుడు అత్తయ్య నెలకోసారి ఆ పాత ఫోను నుంచి తన ఫోనుకే కాల్ చేసి ఎత్తుతుంది.