తల వాల్చిన జెర్బరా, ఆసుపత్రిలో ఉన్న బావ

ఆసుపత్రికి పంపిన పూలు చాలాసార్లు మంచం దాకా వెళ్లవు. ఐసీయూలోకి పూలను సాధారణంగా రానివ్వరు. మామూలు వార్డుల్లోనూ కొన్నిచోట్ల గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పూలకూజాలో నిలవున్న నీళ్లలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయని 1970లలోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఆ నీళ్ల వల్లే రోగులకు జబ్బు అంటుకుంటుందనడానికి మాత్రం సరైన ఆధారం లేదని 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం తేల్చింది. నిషేధం వెనుక సిబ్బందికి పెరిగే పని కూడా ఉందని ఆ వ్యాసం చెప్పింది. కారణం ఏదైనా పూలగుత్తి కింద రిసెప్షన్ బల్ల మీదో, తోడుగా ఉన్నవాళ్ల సంచి పక్కనో ఉండిపోతుంది. రోగి దగ్గరకు చేరేది సెల్‌ఫోన్‌లో దాని ఫొటో. ఆ ఫొటో కింద రాసే నాలుగు మాటల గురించే ఈ వ్యాసం.

రాసే ముందు చూసుకోవలసింది ఆ ఫొటో ఎవరు తీశారన్నది. పూలకొట్టు పంపే కేటలాగు బొమ్మలో పసుపు గులాబీలు ఉంటాయి. ఆ రోజు మార్కెట్‌లో అవి దొరక్కపోతే కొట్టువాళ్లు వేరే పూలు కట్టి పంపుతారు. బొమ్మను నమ్ముకుని ‘పసుపు గులాబీలు పంపాను’ అని రాస్తే, ఎర్ర జెర్బరాలు అందుకున్న మనిషి తికమకపడతాడు. అందుకే తోడుగా ఉన్న అత్తయ్యో పిన్నో తీసిన ఫొటో వచ్చేదాకా ఆగడం మేలు. అందులో కాస్త వంకరగా, వెనకాల స్టీలు టిఫిన్ డబ్బాతో సహా కనిపించే పూలే మాటలకు పనికొస్తాయి.

తర్వాతది వరస. ఇంగ్లిష్‌లో కజిన్ అన్న ఒక్క మాటతో సరిపోతుంది. తెలుగింట్లో అది సరిపోదు. పెదనాన్న కొడుకు అన్నయ్య, పిన్ని కూతురు అక్కో చెల్లో, మేనత్త కొడుకు బావ. ఎంత ఆటపట్టించవచ్చో ఈ వరసే చెబుతుంది. బావామరదళ్ల మధ్య వేళాకోళం ఆడకపోతేనే ఏదో తేడా ఉందనుకుంటారు. అదే మాట పదేళ్లు పెద్దవాడైన అన్నయ్యకు రాస్తే, చదివేది ఆయనే కాదు, పక్కనున్న వదిన కూడా కనుక, కొంచెం తగ్గించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మేనత్త కొడుక్కి అపెండిక్స్ పగిలి, పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేవారేమో. ఇది పగిలింది కాబట్టి మరికొన్ని రోజులు ఉండాలి. విశాఖపట్నంలో ఉన్న మరదలు హైదరాబాద్‌లోని ఒక కొట్టు నుంచి పూలు పంపింది. సాయంత్రం అత్తయ్య ఫొటో పెట్టింది. అందులో ఏడు ఎర్ర జెర్బరాలు. వాటిలో ఒకటి తల వాల్చేసింది. నడుమ ఒక గ్లాడియోలస్ కాడ, దానికి కింద మూడు పూలు విచ్చాయి, పైన తొమ్మిది మొగ్గలు ఉన్నాయి.

రాయడానికి కావలసిన సరుకంతా అందులోనే ఉంది. జెర్బరాకు పువ్వు బరువు ఎక్కువ, కాడ మెత్తన. కాడ కింది కొసలో సూక్ష్మజీవులు అడ్డుపడి నీళ్లు పైకెక్కకపోతే మెడ వంగిపోతుంది. గ్లాడియోలస్ తీరు వేరు. దాని పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి, కొన్ని రోజుల పాటు. ఒకటి దిగాలుగా ఉంది, ఇంకొకటి రోజురోజుకీ మారుతోంది. మొదటిది నవ్వుకు, రెండోది రేపటి కబురుకు.

మరదలు ఇలా రాసింది:

‘బావా, పూలు నీ దాకా రానివ్వలేదటగా, అత్తయ్య ఫొటో పెట్టింది. ఎడమ పక్కన తల వాల్చిన ఎర్ర జెర్బరాని చూశావా? సూది కనపడగానే నువ్వు పెట్టే మొహం అచ్చం అదే. మిగతా ఆరూ నిటారుగానే ఉన్నాయి, వాటిని చూసి నేర్చుకో. మధ్యలో పొడుగు కాడకి ఇంకా తొమ్మిది మొగ్గలున్నాయి. రేపు ఎన్ని విచ్చుకుంటాయో లెక్కపెట్టి అత్తయ్యతో చెప్పించు. ఎక్కువ నవ్వకు, కుట్లు లాగుతాయి. జవాబు రాయక్కర్లేదు.’

ఇందులో ‘త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నాను’ అన్న వాక్యం లేదు. అలాంటిది ఆఫీసు నుంచి వచ్చే బొకే మీది కార్డులో ఎలాగూ ఉంటుంది. కుట్ల మాట ఊరికే పెట్టింది కాదు. పొట్ట మీద ఆపరేషన్ అయినవాళ్లకు దగ్గినా పగలబడి నవ్వినా నొప్పి పుడుతుంది, దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదుముకోమని నర్సులు చెబుతారు. కాబట్టి హాస్యం పెదవి మీద ఆగేంత ఉంటే చాలు. కాలు విరిగి పడుకున్నవాడికైతే ఈ జాగ్రత్త అంతగా అక్కర్లేదు, ఎంత నవ్వించినా ఫరవాలేదు.

చివరి మాట ‘జవాబు రాయక్కర్లేదు’ అన్నిటికంటే పనికొచ్చేది. ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేత్తో టైపు చేయడం తిప్పలు. ‘ఏమైంది? డాక్టరేమన్నారు? ఎప్పుడు పంపిస్తారు?’ అని వరసగా అడిగితే ఆ ప్రశ్నలు పలకరింపుగా కాక పనిగా తోస్తాయి. అందుకే సందేశం తెరను పైకి జరపకుండా చదివేంత పొట్టిగా ఉండాలి. వివరాలు అత్తయ్యకు ఫోన్ చేసి అడగవచ్చు.

మొగ్గల లెక్కలో ఒక మెలిక ఉంది. ‘పై మొగ్గ విచ్చుకునేసరికి నువ్వు ఇంట్లో ఉంటావు’ అని రాయాలనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది కూడా. కానీ కోసిన గ్లాడియోలస్ కాడకు చివరి రెండు మూడు మొగ్గలు చాలాసార్లు విచ్చుకోకుండానే ఎండిపోతాయి. ఇక డిశ్చార్జి తేదీ డాక్టర్ చేతిలో ఉంటుంది. జ్వరం తగిలితే ఇంకో రెండు రోజులు ఆగవలసి వస్తుంది. అప్పుడు ఆ ఎండిన మొగ్గ అపశకునంలా కనిపిస్తుంది. లెక్క పూలదిగానే ఉంచాలి, ఇంటికెళ్లే రోజుకు ముడిపెట్టకూడదు.

ఇంకొక పొరపాటు ఫోన్లు వచ్చాక మొదలైంది. పూల ఫొటోను బావ ఫొటోతో కలిపి, చుట్టూ పూల చట్రం వేసి పంపేవాళ్లున్నారు. ప్రేమతోనే చేస్తారు. కానీ తెలుగింట్లో మనిషి ఫొటో చుట్టూ పూలు కనిపిస్తే ముందుగా గుర్తొచ్చేది గోడ మీద దండ వేసిన ఫొటో. అది ఇంట్లోని పెద్దవాళ్ల కంట పడితే గుండె గుభేలుమంటుంది. పూల ఫొటో పూలదిగానే వెళ్లాలి.

అన్నయ్యకో అక్కకో రాసేటప్పుడు పూలు అవే, పోలిక మారుతుంది. తల వాల్చిన జెర్బరాను అన్నయ్యతో పోల్చకుండా, రాసేవాళ్లు తమతోనే పోల్చుకోవచ్చు: ‘అన్నయ్యా, మీ ఆపరేషన్ అన్నప్పుడు నా మొహం ఎడమ పక్క పువ్వులాగే ఉంది. ఇప్పుడు మిగతా ఆరింటిలా ఉంది.’ ఆటపట్టింపు ఉంది, అది రాసినవాళ్ల మీదే పడింది.

మరునాడు అత్తయ్య పెట్టే ఫొటోలో రెండు మొగ్గలు విచ్చితే ‘రెండు’ అని ఒక్క ముక్క పంపినా సరిపోతుంది. నాలుగో రోజుకి జెర్బరాలన్నీ వాడిపోయి ఉండవచ్చు. అప్పటికి ఆ ఫొటో అడగడం మానేసి, ఆసుపత్రి క్యాంటీన్ ఇడ్లీ ఎలా ఉందన్న కబురుకు మళ్లడం మంచిది.