బండలో కిలోలు, పైపులో ఘనపు మీటర్లు

హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో పైపు గ్యాస్ పెట్టించుకున్న ఇళ్లలో మొదటి బిల్లు రాగానే ఒక సందేహం వస్తుంది. ఇన్నాళ్లూ గ్యాస్‌ను కిలోల్లో కొన్నాం. ఈ బిల్లులో మాత్రం వాడకం ఘనపు మీటర్లలో ఉంటుంది. నెలకు ఒక బండ వాడేవాళ్లకు ఎన్ని ఘనపు మీటర్లు రావాలి? లెక్క చిన్నదే గానీ, అందులో చాలామంది ఒకే చోట పొరబడతారు.

ముందు లీటర్ల సంగతి చూద్దాం. ఇంటి బండలో ఉండే 14.2 కిలోల గ్యాస్ నిజానికి ద్రవం. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. బండను ఊపితే లోపల అది కదలడం తెలుస్తుంది. ఈ ద్రవం నీటికన్నా బాగా తేలిక, లీటరు సుమారు 540 గ్రాములు తూగుతుంది. 14.2ను 0.54తో భాగిస్తే 26 లీటర్ల పైచిలుకు వస్తుంది. అదే బండలో నీళ్లు పోస్తే 33.3 లీటర్లు పడతాయి. అంటే అయిదో వంతు ఖాళీగానే వదులుతారు. అది డీలర్ చేసే మోసం కాదు. ఎండకు ఈ ద్రవం వ్యాకోచిస్తుంది. అంచుదాకా నింపేస్తే సాగడానికి చోటు లేక బండ పగిలే ప్రమాదం ఉంది.

వంటగ్యాస్‌ను లీటర్ల లెక్కన కాకుండా కిలోల లెక్కన అమ్మడానికీ ఈ వ్యాకోచమే కారణం. తెల్లవారుజామున 26 లీటర్లున్న ద్రవం మధ్యాహ్నం ఎండలో ఇంకాస్త పెరుగుతుంది, బరువు మాత్రం గ్రాము కూడా మారదు. ఒత్తిడి చూసి ఎంత మిగిలిందో చెప్పడమూ కుదరదు. అడుగున కొంచెం ద్రవం ఉన్నా, నిండుగా ఉన్నా, ఒకే వేడిలో ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే నమ్మదగిన సాక్షి కాటా ఒక్కటే. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. అది 15.3 కిలోలైతే, సీలు తీయని బండ 29.5 కిలోలు తూగాలి. ఇంటికి తెచ్చిన మనిషిని తూచి చూపమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇక ఘనపు మీటర్లు. ద్రవం ఆవిరై పొయ్యికి చేరేసరికి ఎన్నో రెట్లు విస్తరిస్తుంది. మామూలు గది వేడిలో ఒక ఘనపు మీటరు ఆవిరి రెండు కిలోల పైచిలుకు ఉంటుంది, 2.05 అనుకుందాం. 14.2ను దానితో భాగిస్తే సుమారు 7 ఘనపు మీటర్లు. ప్రొపేన్ పాలు ఎక్కువైతే ఇది 8కి చేరుతుంది, బ్యూటేన్ ఎక్కువైతే 6కి దిగుతుంది. మొత్తానికి బండలోని ప్రతి లీటరు ద్రవం బయట 250 లీటర్లకు పైగా ఆవిరిగా మారుతుంది. చిన్న లీకు కూడా ఎందుకంత ప్రమాదమో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. బండలో 7 ఘనపు మీటర్లుంటే పైపు గ్యాస్ కూడా నెలకు 7 కాలితే చాలనుకుంటాం. బిల్లులో 18 కనబడగానే మీటరు పరుగెడుతోందని ఫిర్యాదుకు బయలుదేరతాం. కానీ ఆ రెండు ఘనపు మీటర్లలో ఉన్నది వేర్వేరు వాయువులు. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్, చాలా తేలికైనది. అందుకని ఒక ఘనపు మీటరు వంటగ్యాస్ ఇచ్చే వేడి, అంతే పైపు గ్యాస్ ఇచ్చే వేడికి రెండున్నర రెట్లకు పైనే. కాబట్టి పోల్చాల్సింది పరిమాణాన్ని కాదు, వేడిని.

కిలో వంటగ్యాస్ సుమారు 10,900 కిలో కేలరీల వేడినిస్తుంది. ఆ లెక్కన బండ మొత్తానికి 1,54,780. పైపు గ్యాస్ ఘనపు మీటరుకు ఇంచుమించు 8,500 ఇస్తుంది. భాగిస్తే 18.2. అంటే ఒక బండ 18 ఘనపు మీటర్ల పైపు గ్యాస్‌కు సమానం. వాయువుల మిశ్రమాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ కావచ్చు. ధర పోల్చాలన్నా ఇదే దారి: బండ ధరను 18తో భాగించి, వచ్చిన దాన్ని పైపు గ్యాస్ రేటు పక్కన పెట్టాలి.

బండ 45 రోజులు వచ్చే ఇల్లు అనుకుందాం. రెండు నెలల బిల్లులో దాదాపు 24 ఘనపు మీటర్లు కనిపించాలి. 30 దాటి, ఇంట్లో వంట పెరగలేదంటే ముందు పొయ్యి చూడాలి. పైపు గ్యాస్ ఎక్కువ పరిమాణంలో కావాలి గనుక బర్నర్ కింది జెట్లు మార్చి పెద్ద రంధ్రమున్నవి వేస్తారు. ఆ రంధ్రం సరిపోకపోతే మంట సన్నగా వస్తుంది. మరీ పెద్దదైతే మంట పసుపుపచ్చగా మారి గిన్నె అడుగున మసి పడుతుంది. జెట్లు సరిగ్గా ఉంటే, పొయ్యిలన్నీ కట్టేసి కాసేపు మీటరు అంకెలు గమనించాలి. అవి కదిలితే మెయిన్ వాల్వు మూసి, గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.