పది లెవెళ్లు, మూడు ఎత్తులు

‘సొకోబాన్’ అనే పేరు వినకపోయినా, గిడ్డంగిలో ఒక బొమ్మ మనిషి పెట్టెలు నెట్టుకుంటూ తిరిగే ఆటను చాలామంది ఫోన్‌లోనో పాత కంప్యూటర్‌లోనో చూసే ఉంటారు. జపాన్‌కు చెందిన హిరోయుకి ఇమాబయాషి తయారుచేసిన ఈ పజిల్ గేమ్‌ను థింకింగ్ రాబిట్ అనే కంపెనీ 1982లో విడుదల చేసింది. రూల్స్ రెండే. పెట్టెను నెట్టొచ్చు కానీ లాగకూడదు. ఒకసారికి ఒక్క పెట్టెనే నెట్టాలి. గుర్తు పెట్టిన గడుల్లోకి పెట్టెలన్నీ చేరితే లెవెల్ అయిపోయినట్టే.

రూల్స్ ఇంత సులువైనా, చాలా కంప్యూటర్లలో మొదటి లెవెల్‌గా కనిపించే పాత గిడ్డంగి మాత్రం కొత్తవాళ్లకు చుక్కలు చూపిస్తుంది. అందులో ఆరు పెట్టెలుంటాయి. చెయ్యి తిరిగిన ఆటగాడు ఎంత పొదుపుగా ఆడినా కనీసం 97 సార్లు నెట్టాలి. ఒక్క పెట్టె తప్పు మూలకు చేరిందా, మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది రెండో లెవెల్ మొహం చూడకుండానే ఆట మూసేయడంలో వింత లేదు.

తర్వాత డేవిడ్ స్కిన్నర్ అనే ఆయన ‘మైక్రోబాన్’ పేరుతో 155 చిన్న లెవెళ్లు తయారుచేశారు. రూల్స్ అవే, పెట్టెలూ అవే. కాకపోతే ఒక్కో చిన్న గదిలో సాధారణంగా ఒక్కో కిటుకే ఉంటుంది. సొకోబాన్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేటికీ ముందుగా చెప్పే పేరు అదే. ఆట మారలేదు. కష్టాన్ని ఏ వరుసలో, ఎంత మోతాదులో ఆటగాడి ముందు పెట్టాలన్నదే మారింది. గేమ్ డిజైనర్లు డిఫికల్టీ కర్వ్ అని పిలిచేది దీన్నే. పది లెవెళ్ల చిన్న సొకోబాన్ తయారుచేయాలనుకుంటే ఈ గీతను ఎలా గీయాలో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది, అసలు కష్టం ఎక్కడుంటుందన్నది. మొదటి లెవెల్‌లో ఒక పెట్టె, రెండోదానిలో రెండు, పదోదానిలో పది అని లెక్క వేసుకోవడం కొత్త డిజైనర్లు తరచుగా చేసే పని. అది పనికిరాదు. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో మాసరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన పెత్ర్ యరూషెక్, రాదెక్ పెలానెక్ మనుషులు సొకోబాన్ ఎలా ఆడతారో పరిశోధించారు. పైకి ఒకేలా కనిపించే లెవెళ్లకు కూడా ఆటగాళ్లు తీసుకునే సమయంలో విపరీతమైన తేడాలు కనిపించాయి. పజిల్‌ను విడివిడి ముక్కలుగా చేసి ఒక్కో పెట్టె సంగతి ఒక్కోసారి తేల్చుకోగలిగితే జనం తేలిగ్గా దాటేస్తున్నారు. ఒక పెట్టె దారి ఇంకో పెట్టె మీద ఆధారపడితే చాలు, చిక్కుకుపోతున్నారు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఈ చిన్న గది చాలు. ఇక్కడ # గోడ, @ మనిషి, $ పెట్టె, చుక్క అంటే పెట్టె చేరాల్సిన గడి. నక్షత్రం ఉన్నచోట అప్పటికే గుర్తు మీద కూర్చున్న పెట్టె ఉంది.

```
########
#    ###
# $@ *.#
#    ###
########
```

కుడివైపు సందులో రెండు గుర్తు గడులున్నాయి. ముందు గడిలో ఒక పెట్టె అప్పటికే ఉంది. చూసినవారెవరికైనా ‘అది సరైన చోటే ఉందిగా, రెండోదాని సంగతి చూద్దాం’ అనిపిస్తుంది. రెండో పెట్టెను కుడివైపు రెండుసార్లు నెడితే అది సందు ముఖద్వారం దగ్గర మొదటి పెట్టెకు ఆనుకుని ఆగిపోతుంది. అక్కడితో ఆట ముగిసినట్టే. రెండు పెట్టెల్ని కలిపి నెట్టలేం. వెనక్కి లాగలేం. పైకి నెట్టినా, కిందికి నెట్టినా పెట్టె మూలకు చేరి ఇక కదలదు. చేయాల్సింది వేరే. సరైన చోట ఉన్న పెట్టెనే ముందు అక్కడి నుంచి కదిపి లోపలి గడిలోకి తోయాలి. ఆ తర్వాత ఖాళీ అయిన గడిలోకి రెండోదాన్ని తేవాలి. మొత్తం నాలుగంటే నాలుగే నెట్టుళ్లు! అయినా పెట్టెలు ఎక్కువున్న పెద్ద గది ఇవ్వలేని తికమకను ఇది ఇస్తుంది. ఎందుకంటే ఆటగాడు అప్పటిదాకా నమ్మినదాన్నే ఇది తప్పంటుంది.

పది లెవెళ్ల వరుసలో ఇలాంటి గదిని ఐదో స్థానంలో పెట్టడం మంచిది. దానికి ముందు నాలుగు లెవెళ్లలో ఆ నమ్మకాన్ని కుదర్చాలి. మొదటి లెవెల్‌లో సన్నటి దారి, ఒకే పెట్టె, తిన్నగా నెడితే సరిపోవాలి. తప్పు చేద్దామన్నా వీలు లేకుండా ఉండాలి. రెండో లెవెల్‌లో పెట్టె దగ్గరగానే ఉంటుంది కానీ మనిషి నిలబడింది తప్పు పక్కన. చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి రావాల్సిందే. లాగడం కుదరదన్న రూల్ రాసి చెప్పనక్కర్లేకుండానే ఇక్కడ అర్థమైపోతుంది. మూడోది మూల గురించి. గోడల మూలకు చేరిన పెట్టె ఇక రాదని ఆటగాడికి అనుభవంలోకి రావాలి కాబట్టి ఈ లెవెల్‌లో అతన్ని ఓడిపోనివ్వాలి. కాకపోతే ఆ ఓటమి పది అడుగుల్లోపే జరిగిపోవాలి, కంటికి స్పష్టంగా కనిపించాలి, అన్‌డూ బటన్ చేతికి అందేలా ఉండాలి. ఐదు నిమిషాలు కష్టపడ్డాక, ఎప్పుడో రెండో నిమిషంలో చేసిన తప్పు వల్ల ఓడిపోయానని తెలిస్తే ఆటగాడు నేర్చుకునేది ఏమీ ఉండదు, విసుగు తప్ప.

నాలుగో లెవెల్‌లో కొత్త కిటుకు పెట్టకూడదు. రెండు పెట్టెలు, ఒక సందు, లోపలి గడి ముందు నిండాలి. తిన్నగా నెట్టడం, చుట్టి రావడం, మూలను తప్పించడం మూడూ ఒకేసారి వాడాలి. ఇది మొదటి ఎత్తు. మొదటి మూడింటికీ ఒక్కో నిమిషం లోపు పడితే, దీనికి మూడు నాలుగు నిమిషాలు పట్టేలా చూసుకోవాలి.

ఆ వెంటనే దిగాలి. ఐదో లెవెల్‌గా పైన చూసిన గదిని పెడతామన్నాం కదా. నాలుగోదానికంటే అది చిన్నది, నడక తక్కువ, ఓడినా రెండు సెకన్లలో మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆలోచన కొత్తది కాబట్టి గదిని చిన్నది చేయాలి. కొత్త ఆలోచననూ పెద్ద గదినీ ఒకే లెవెల్‌లో పెడితే, ఆటగాడు ఎక్కడ చిక్కుకున్నాడో అతనికే తెలియదు. ఆరో లెవెల్‌లో అదే ఆలోచన కాస్త విశాలమైన గదిలో, వేరే కారణంతో రావాలి. అప్పుడే అది అలవాటుగా మారుతుంది. ఏడు రెండో ఎత్తు. మూడు పెట్టెలుంటాయి, వరుసక్రమం తేల్చుకోవాలి, సరైన చోట ఉన్నదాన్ని కదపాలి. ఎనిమిదిలో మళ్లీ దిగి చివరి కిటుకు నేర్పాలి. ఒక పెట్టెను తాత్కాలికంగా పక్కన ఆపి, మనిషికి దారి చేసుకుని, తర్వాత దాన్ని వెనక్కి తేవడం. తొమ్మిదిలో దాన్నే ఇంకోలా వాడించాలి. పదో లెవెల్ మూడో ఎత్తు. కాగితం మీద గీసి చూస్తే ఇది ఏటవాలుగా పైకి పోయే గీతలా ఉండదు, రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పన్నూ ముందుదానికంటే కాస్త ఎత్తు. ప్రతి దిగుడులోనూ ఒక కొత్త విషయం.

పదో లెవెల్ దగ్గర డిజైనర్‌కు చెయ్యి ఆగదు. ఇంకో పెట్టె, ఇంకో గది కలపాలనిపిస్తుంది. నాలుగు పెట్టెలు దాటించకపోవడమే మేలు. అప్పటిదాకా నేర్పిన ప్రతి కిటుకూ ఒక్కసారైనా అవసరపడాలి, కొత్తది ఒక్కటీ ఉండకూడదు. కిటుకు తట్టాక ఇంకా అరవై అడుగులు ఊరికే నడవాల్సి వస్తే అది పజిల్ కాదు, కూలి పని.

చేతికిచ్చే సరుకును ఇలా ఆపి ఆపి ఇవ్వడంలో వాల్వ్ కంపెనీ 2007లో విడుదల చేసిన ‘పోర్టల్’కు సాటి వచ్చేవి తక్కువ. గోడ మీద ఒక ద్వారం, ఇంకో గోడ మీద ఇంకో ద్వారం తెరిచి ఒకదానిలో దూరి రెండోదానిలో తేలడమే అందులో ఆట. 00 నుంచి 18 దాకా మొత్తం 19 గదులు. మొదట్లో ఆటగాడి చేతిలో తుపాకీ ఉండదు. 02వ గదిలో దొరికే తుపాకీ కూడా ఒక్క ద్వారమే తెరుస్తుంది. రెండో ద్వారం ఆట ఇష్టానికి తెరుచుకుంటుంది. రెండూ తన చేతికి రావడానికి 11వ గది దాకా ఆగాలి. అంటే సగానికి పైగా గదులు దాటాకే పూర్తి పనిముట్టు దొరుకుతుంది. ఈలోపు ద్వారాల తీరు ఒంటబడుతుంది కాబట్టి ఆ తర్వాత గదులు ఎంత పెద్దవైనా ఆటగాడు బెదరడు.

కాగితం మీది గీత ఎంత బాగున్నా, లెవెల్ ఎంత కష్టమో డిజైనర్ తనంతట తాను చెప్పలేడు. జవాబు తెలిసినవాడికి ఏ పజిలూ కష్టంగా కనిపించదు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో పరిష్కరింపజేస్తే కనీసం ఎన్నిసార్లు నెట్టాలో చెబుతుంది కానీ మనిషి ఎక్కడ మోసపోతాడో చెప్పదు. ఆట ఎప్పుడూ చూడని మనిషిని కూర్చోబెట్టి, వెనక నిలబడి, నోరు మెదపకుండా చూడటం ఒక్కటే మార్గం. ఒక్కో లెవెల్‌కు పట్టిన సమయం, మొదటి అడుగుకు ముందు ఎంతసేపు ఆలోచించారు, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టారు, ఈ మూడూ రాసుకుంటే చాలు.

పైన చూసిన గదినే అలా పరీక్షకు పెడితే ఒక లోపం వెంటనే బయటపడుతుంది. మనిషి రెండు పెట్టెల మధ్య నిలబడి ఉన్నాడు. ఊరికే కుడి బటన్ నొక్కితే సందులోని పెట్టె లోపలికి పోతుంది. కిటుకు ఏమిటో తెలియకుండానే లెవెల్ పూర్తవుతుంది. రాసుకున్న సమయం చూసి ‘సులువుగా ఉంది’ అనుకుని డిజైనర్ మురిసిపోతాడు. అసలు దెబ్బ ఏడో లెవెల్‌లో తగులుతుంది. ఐదులో నేర్చుకోనిది అక్కడ అవసరపడి అందరూ ఆగిపోతారు. ఏడోదాన్ని సులువు చేస్తే రోగం ఒకచోట, మందు ఒకచోట అవుతుంది. సరిచేయాల్సింది ఐదోదాన్నే, అదీ ఒక్క వరుసలో.

```
#@$  *.#
```

మనిషిని ఎడమ గోడ పక్కకు, ఖాళీ పెట్టె వెనక్కి మార్చాం. గోడలు కదపలేదు, కనీస నెట్టుళ్లు ఇప్పటికీ నాలుగే. కానీ ఇప్పుడు అలవాటుగా కుడి బటన్ నొక్కితే రెండు నెట్టుళ్లలో పెట్టె ఇరుక్కుపోతుంది. ఆటగాడు ఆగుతాడు, అన్‌డూ నొక్కుతాడు, సందులోని పెట్టెను మొదటిసారి అనుమానంగా చూస్తాడు. ఆ చూపు కోసమే ఈ లెవెల్.

ఇందుకే అనుభవమున్నవాళ్లు లెవెళ్లను 1 నుంచి 10 వరకు వరుసగా తయారుచేయరు. ముందు పదోది, తర్వాత ఏడు, నాలుగు, ఆ ఎత్తులకు కావాల్సిన కిటుకులను బట్టి మిగతావి. మొదటి లెవెల్ అన్నిటికంటే చివర్లో తయారవుతుంది. ఇదంతా చేసి చూడాలనుకునేవారికి స్టీఫెన్ లావెల్ 2013లో విడుదల చేసిన ‘పజిల్‌స్క్రిప్ట్’ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పెట్టెలు నెట్టే నమూనా ఆట అందులో సిద్ధంగా ఉంటుంది. పై రెండు గదులనూ అందులో గీసి, ఒకరికి మొదటిది, ఇంకొకరికి రెండోది ఇచ్చి చూడండి.