మూడు పేపర్లు ఒక థీసిస్ అయ్యేదెలా?

మూడు పేపర్లు జర్నళ్లలో అచ్చయ్యాయంటే పీహెచ్‌డీ దాదాపు పూర్తయినట్టేనని చాలామంది అనుకుంటారు. స్వీడన్, నార్వే, ఫిన్లండ్ విశ్వవిద్యాలయాల్లో ఆ పేపర్లను ఉన్నవి ఉన్నట్టే చేర్చి, వాటికి ముందు ఒక పెద్ద అనుసంధాన భాగం రాసి, థీసిస్‌గా సమర్పించే పద్ధతి బాగా నడుస్తోంది. స్వీడన్‌లో ఆ భాగాన్ని ‘కప్పా’ అంటారు. అసలు కష్టమంతా అందులోనే ఉంది. పేపర్లను జర్నల్ సమీక్షకులు ఇదివరకే జల్లెడ పట్టారు. కప్పాను మాత్రం పరిశోధకులు తమంతట తాము రాయాలి. అందుకే ఎగ్జామినర్ దాన్ని అంత నిశితంగా చూస్తారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. తాగునీటిలో ఫ్లోరైడ్ మీద పనిచేసిన పరిశోధకురాలికి మూడు పేపర్లున్నాయి. మొదటిదానికి నల్గొండ ప్రాంతంలోని 60 బోర్ల నీటిని పరీక్షించింది. రెండోదానికి యాక్టివేటెడ్ అల్యూమినా ఫ్లోరైడ్‌ను ఎంత పట్టుకుంటుందో ప్రయోగశాలలో కొలిచింది. మూడోదానికి అదే అల్యూమినా నింపిన ఫిల్టర్లను 12 ఇళ్లలో పెట్టి, ఎన్నాళ్లు పనిచేస్తాయో గమనించింది.

రాయడం మొదలుపెట్టే ముందు ఆమె మూడు పేపర్లనూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీసుకోవాలి. ఏ ప్రశ్న అడిగాం, ఏ నీరు వాడాం, ఏ పదాన్ని ఏ అర్థంలో రాశాం, ఏం తేలింది అన్నవి అందులో ఉండాలి. అలా గీయగానే ఒక తేడా బయటపడుతుంది. మొదటి పేపర్లో సురక్షితమైన నీరంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించని ఫ్లోరైడ్ ఉన్నది. రెండో పేపర్లో భారత ప్రమాణం కోరే 1.0 మిల్లీగ్రామే హద్దు. దేనికది చదివితే ఏ పేపర్లోనూ తప్పులేదు. ఒకే అట్ట మధ్య చేరాక మాత్రం ఒకే పదానికి రెండు అర్థాలయ్యాయి.

అచ్చయిన పేపర్‌ను ఇప్పుడు దిద్దకూడదు. కప్పాలో ఒక హద్దు ఎంచుకుని, ఎందుకు ఎంచుకుందో చెప్పి, మొదటి పేపర్ లెక్కను దాని ప్రకారం మళ్లీ కట్టాలి. 1.5 హద్దుతో 21 బోర్లు పనికిరానివైతే, 1.0 హద్దుతో 34 కావచ్చు. ఆ కొత్త అంకె పేపర్లో లేదనీ, ఇక్కడే లెక్కించాననీ స్పష్టంగా రాయాలి.

ఇక ఉమ్మడి చర్చ. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మొదటి పేపర్లో ఇది తేలింది, రెండో పేపర్లో అది తేలింది అంటూ మూడు సారాంశాలను వరసగా పేర్చేస్తారు. చర్చ ఏ ఒక్క పేపరూ తనంతట తాను జవాబు చెప్పలేని ప్రశ్నతో మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. ఇక్కడ ఆ ప్రశ్న సిద్ధంగానే ఉంది: ప్రయోగశాల లెక్క చెప్పిన గడువుకంటే ఇళ్లలో ఫిల్టర్లు ఎందుకు తొందరగా చేతులెత్తేశాయి?

జవాబు మొదటి పేపర్ పట్టికల్లోనే ఉంది. ఆ బోర్ల నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ. అది ఉన్నచోట అల్యూమినాకు ఫ్లోరైడ్‌ను పట్టే శక్తి తగ్గుతుంది. రెండో పేపర్లో వాడినదేమో డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపిన నీరు. దాంట్లో బైకార్బొనేట్ లేదు కాబట్టి అల్యూమినా పనితనం ఎక్కువగా కనిపించింది. మూడు పేపర్లూ చేతులు కలిపితేనే ఈ మాట బయటికొచ్చింది.

అయితే దీన్ని ఎంత గట్టిగా చెప్పొచ్చో కూడా చూసుకోవాలి. 12 ఇళ్లలో 8 ఇళ్లవాళ్లే మొదటి పేపర్లో పరీక్షించిన బోర్ల నీళ్లు వాడితే, వాదన ఆ 8 ఇళ్లకే పరిమితం. మిగతా నాలుగింటి నీటిలో ఏముందో ఆమె కొలవలేదు. ఆ 8 ఇళ్లలో కూడా బైకార్బొనేట్ కారణం కావచ్చనే అనాలి, తేలిందనకూడదు. వీలుంటే బోరు నీటితోనే అల్యూమినా ప్రయోగం మళ్లీ చేసి, ఇంకా అచ్చుకాని ఫలితమని చెప్పి కప్పాలో చేర్చవచ్చు. గైడు ఒప్పుకుంటే ఆ కొద్ది వారాల పని చర్చ మొత్తానికి వెన్నెముక అవుతుంది.

పరిచయం చివరగా రాయడమే మేలు. చర్చ ఎటు చేరుతుందో తెలిశాక, బైకార్బొనేట్ గురించి పాఠకుడికి ముందే ఎంత చెప్పాలో తేలుతుంది. మూడు పేపర్ల ఉపోద్ఘాతాల్లోనూ ఉన్న ఫ్లోరోసిస్ పేరాను నాలుగోసారి రాయనక్కర్లేదు. ఏ పేపర్లో ఏ పని తనది, ఏది సహరచయితలది అన్న వివరణను వాళ్లకు చూపించి ఖాయం చేసుకోవాలి. పేపర్లను థీసిస్‌లో చేర్చడానికి, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో పెట్టడానికి, జర్నల్ ఏ ప్రతిని అనుమతిస్తుందో కూడా ముందే కనుక్కోవాలి.

రాసింది నిలబడిందో లేదో చూడడానికి ఒక పరీక్ష ఉంది. చర్చలోంచి ఒక పేపర్ ప్రస్తావన మొత్తం కొట్టేసి మళ్లీ చదవాలి. మిగిలిన వాదన చెక్కుచెదరకపోతే, ఆ పేపర్ ఇంకా చర్చలోకి రాలేదన్నమాట.